ఒకే షీటులో 20 వ్యతిరేక పదాలు: ఏ జంట ఏ రకమో తేల్చిన కేస్ స్టడీ

విశాఖపట్నంలో పోర్టుకో, స్టీల్ ప్లాంటుకో, నేవీకో బదిలీ మీద వచ్చినవాళ్ళలో ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే కుటుంబాలు చాలానే ఉంటాయి. అలాంటి పెద్దవాళ్ళకు మాట్లాడే తెలుగు నేర్పే ఒక క్లాసులో వాడిన వర్క్‌షీటు ఈ కేసు. పైన ‘వ్యతిరేక పదాలు’ అని శీర్షిక, కింద రెండు వరసల్లో మాటలు. ఎడమ వరసలో మాటకు కుడి వరసలో దాని వ్యతిరేకాన్ని గీత గీసి కలపాలి.

జంటలు ఇవి: వేడి–చల్లన, పొడుగు–పొట్టి, బరువు–తేలిక, దూరం–దగ్గర, ఖరీదు–చవక, బతికిన–చనిపోయిన, పాస్–ఫెయిల్, సరి–బేసి, తడి–పొడి, శుభ్రం–మురికి, నిండు–ఖాళీ, పచ్చి–పండు, అమ్ము–కొను, ఇచ్చు–తీసుకొను, అన్న–తమ్ముడు, భర్త–భార్య, పైన–కింద, ఎక్కు–దిగు, తీయు–వేయు, పొడవు–వెడల్పు.

గీతలు కలపడంలో ఎవరికీ ఇబ్బంది రాలేదు. తేడా మాటల్లో బయటపడింది. షీటులో అన్నీ సరిగ్గా కలిపినవాళ్ళే “చేపలావిడకి కిలో వంజరం కొన్నాను” అంటున్నారు. ఆవిడ దగ్గర కొన్నామని వాళ్ళ ఉద్దేశం. మనకు వినిపించేది మాత్రం ఆవిడ కోసం కొన్నారని. “బస్సు నిండుగా లేదు” అని వింటే ఖాళీగా ఉందని అర్థం చేసుకుంటున్నారు. సీసా తడిగా ఉందని తడి చెత్త బుట్టలో పడేస్తున్నారు. ఈ మూడు తప్పులకూ మూలం ఒకటే. షీటు అన్ని జంటలనూ ఒకే రకంగా చూపింది, నేర్చుకునేవాళ్ళు కూడా అన్నిటినీ ఒకే రకంగా వాడారు.

వ్యతిరేకాలను కనీసం మూడు రకాలుగా చూడాలి. మధ్యలో మెట్లున్నవి తరతమ జంటలు. ఇది కాకపోతే అదే అయ్యేవి పూరక జంటలు. ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చెప్పేవి సంబంధ జంటలు. అర్థవిజ్ఞానంలో భాషాశాస్త్రవేత్త జాన్ లయన్స్ ‘యాంటనిమ్’ అన్న మాటను మొదటి రకానికే పరిమితం చేసి, మిగతావాటికి వేరే పేర్లు వాడారు. మన బడి పుస్తకాల్లో అన్నీ ‘వ్యతిరేక పదాలే’. పేరు ఏదైనా పరవాలేదు గానీ, ఏ జంట ఏ రకమో నిఘంటువు చూసి తేల్చలేం. వాక్యంలో పెట్టి పరీక్షించాలి.

‘అలాగని’ పరీక్ష

మొదటి పరీక్షకు తెలుగులోనే చక్కని మాట ఉంది, ‘అలాగని’. “టీ వేడిగా లేదు, అలాగని చల్లగానూ లేదు” అంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు, గోరువెచ్చగా ఉందన్నమాట. “సంచీ బరువుగా లేదు, అలాగని తేలిగ్గానూ లేదు” కూడా అంతే. ఇవి తరతమ జంటలు. అదే “ఆయన బతికి లేడు, అలాగని చనిపోనూ లేదు” అంటే వినేవాడు ఆగి మన మొహం చూస్తాడు. “ఏడు సరి సంఖ్య కాదు, అలాగని బేసీ కాదు” అంటే లెక్కే తప్పు. ఇవి పూరక జంటలు.

ఈ పరీక్ష చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, వ్యతిరేక క్రియను ఎంచుకోవడంలో. తెలుగులో ‘కాదు’ వేరు, ‘లేదు’ వేరు. “ఇది వేడిది కాదు” అంటే ఎవరో తగిలించిన ముద్రను కొట్టేస్తున్నట్టు. వినేవాడు వెంటనే “అయితే చల్లదా?” అనుకుంటాడు, మధ్య మెట్టు అతనికి తోచదు. అందుకని గుణం ఎంత ఉందో చూసే జంటలను ‘-గా లేదు’తోనే పరీక్షించాలి. సరి–బేసి లాంటి వర్గాల పేర్లను ‘కాదు’తో పరీక్షించాలి. ఈ రెండూ కలిపేస్తే వేడి–చల్లన కూడా పూరక జంటలా కనిపించి మోసం చేస్తుంది.

రెండోది మర్యాద. “ఒంట్లో బాగా లేదు” అంటే జబ్బుగా ఉందనే అర్థం. “వంట అంత బాగా లేదు” అంటే బాగాలేదని మెత్తగా చెప్పడమే. లేదనడాన్ని మనం వాడుకలో అవతలి కొస దాకా లాగేస్తాం. మొదటి సగం ఒక్కటే వినిపించి “దీని అర్థం ఏమిటి?” అని అడిగితే తప్పు జవాబు వచ్చేది అందుకే. ‘అలాగని’ తర్వాతి సగం కూడా కలిపి, వాక్యం చెల్లుతుందా లేదా అని మాత్రమే అడగాలి.

పూరక జంటకు ఒక హద్దు ఉంటుంది. దాని లోపలే అది ఇటో అటో తేలుతుంది. పదో తరగతిలో తెలుగు పేపరుకు 35 వస్తే పాస్, 34 వస్తే ఫెయిల్, మధ్యలో ఏమీ లేదు. కానీ పరీక్షకే రానివాడు పాసూ కాదు, ఫెయిలూ కాదు. రిజల్టు ఆపి ఉంచినవాడి సంగతీ అంతే. రెండున్నర సరీ కాదు, బేసీ కాదు, ఎందుకంటే ఆ జంట పూర్ణ సంఖ్యలకే వర్తిస్తుంది. క్లాసులో ఎవరైనా ఇలాంటి ఉదాహరణ తెచ్చి “మధ్యలో ఉంది కదండీ” అంటే, అది మధ్య మెట్టు కాదని, హద్దు బయటి సంగతని చెప్పాలి. గోరువెచ్చని టీ వేడి–చల్లన వరసలోనే ఉంటుంది. రెండున్నర సరి–బేసి వరసలో అసలు లేదు.

“బొటాబొటిగా పాసయ్యాడు” అంటాం కదా, అప్పుడు పాస్‌కీ మెట్లున్నట్టేనా? లేవు. బొటాబొటి అనేది మార్కుల గురించి, పాసవడం గురించి కాదు. “వాడు వీడికంటే పాస్” అని ఎవరూ అనరు. ‘కంటే’ పెట్టి చూడటం రెండో పరీక్ష. దానికి తోడు ‘మరీ’ కూడా వాడవచ్చు. ‘చాలా’ను మాత్రం నమ్మకూడదు. “చాలామంది పాసయ్యారు” అన్నప్పుడు అది లెక్క, మోతాదు కాదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తారు.

మెట్లున్న జంటల్లో తేడాలు

షీటులో మొదటి ఐదు జంటలూ రెండు పరీక్షల్లోనూ తరతమంగానే తేలాయి. ఇలాంటి మాటల్లో ఎప్పుడూ ఒక పోలిక దాగి ఉంటుందని 1944లో అచ్చయిన వ్యాసంలో భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ చూపారు. ఫిషింగ్ హార్బర్‌లో ఇది కళ్ళకు కడుతుంది. పెద్ద నెత్తళ్ళని ఏరి పక్కన పెట్టినవి, చిన్న వంజరం పక్కన పెడితే వేలెడంత కూడా కనిపించవు. ‘పెద్ద’ అంటే నెత్తళ్ళలో పెద్ద, ‘చిన్న’ అంటే వంజరాల్లో చిన్న. అందుకే తరతమ మాటను నేర్పేటప్పుడు దేనిలో, దేనితో పోలిస్తే అన్నది కూడా ఇవ్వాలి. షీటులో విడి మాటలే ఉండటంతో ఆ సంగతి పూర్తిగా జారిపోయింది.

రెండో విషయం, జంటలో ఇద్దరూ సమానం కాదు. “గాజువాక ఎంత దూరం?” అని అడిగితే దూరమో దగ్గరో మనం ముందే అనుకున్నట్టు కాదు. “ఎంత దగ్గర?” అంటే దగ్గరే అని ఒప్పుకుని అడిగినట్టు. “తాడు ఎంత పొడుగు?”, “సంచీ ఎంత బరువు?”, “ఖరీదెంత?” ఇవన్నీ ఏ పక్షమూ లేని ప్రశ్నలు. “ఎంత పొట్టి?”, “ఎంత చవక?” అలా కాదు. కాబట్టి ప్రశ్న నేర్పేటప్పుడు జంటలో మొదటి మాటే ఇవ్వాలి. “ఆర్టీసీ కాంప్లెక్స్ ఎంత దగ్గర అండీ?” అని ఆటోవాలాను అడిగితే అర్థమవుతుంది, కానీ కాంప్లెక్స్ దగ్గరేనని తనకు తెలిసినట్టు వినిపిస్తుంది.

అయితే వేడి–చల్లన ఈ వరసలో చేరదు. రెండు తాళ్ళూ పొట్టివే అయినా “ఇది దానికంటే పొడుగు” అనవచ్చు. రెండు టీలూ చల్లారిపోయాక “ఇది దానికంటే వేడిగా ఉంది” అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. “దానికంటే ఇది నయం” అనో, “ఇది ఇంకా అంత చల్లారలేదు” అనో అంటాం. వేడి అన్న మాట నిజంగా వేడిగా ఉంటేనే వాడతాం, చల్లన కూడా అంతే. ‘నయం’ అన్న మాటకు విడిగా ఒక్క మాట చెప్పుకోవాలి. రెండూ బాగాలేనప్పుడు వాడటానికే అది ఉన్నట్టుంది. ఇద్దరు ఆటోవాలాలూ ఎక్కువే అడిగితే “వాడికంటే వీడు నయం” అంటాం. వీడు చవక అని అర్థం కాదు.

వేడి–చల్లన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. హిందీ, ఒడియాలలో టీకీ వాతావరణానికీ ఒకే మాట సరిపోతుంది. అందుకని “టీ చలిగా ఉంది” అన్న వాక్యం తరచూ వస్తుంది. చలి వాతావరణానిది, ఒంటిది. టీ చల్లారుతుంది, నీళ్ళు చల్లగా ఉంటాయి, అరకులో చలి వేస్తుంది. విశాఖ మే నెలలో చలికి ఎదురు నిలబడేది వేడి కూడా కాదు, ఉక్క. షీటులో వేడికి ఎదురుగా చల్లన ఒక్కటే ఉండటంతో ఇవన్నీ ఒకటేననిపించింది. కొత్త షీటులో మరిగే, వేడి, వెచ్చన, గోరువెచ్చన, చల్లన అని ఐదు మెట్లు గీసి, టీకి ఒక వరస, స్నానం నీళ్ళకు ఒక వరస వేరుగా ఇచ్చారు.

రెండు పడవల్లోనూ కాళ్ళున్న జంటలు

అసలు పని పట్టింది ఇక్కడే. తడి–పొడి, శుభ్రం–మురికి, నిండు–ఖాళీ ఈ మూడూ ‘కంటే’ పరీక్షలో తరతమంగా తేలతాయి. “ఈ గుడ్డ దానికంటే తడిగా ఉంది” చక్కటి వాక్యం. కానీ పొడిగా లేదంటే తడిగా ఉన్నట్టే కదా? ఆ లెక్కన పూరక జంట కావాలి.

‘అలాగని’ పెట్టి చూస్తే జనం చీలిపోతారు. “గుడ్డ పొడిగా లేదు, అలాగని తడిగానూ లేదు, చెమ్మగా ఉంది” అని కొందరు ఒప్పుకుంటారు. విశాఖ గాలిలో ఆరేసిన బట్టల సంగతి తెలిసినవాళ్ళు మరీను. ఇక్కడ ఇంకో ప్రశ్న అడగాలి: చెమ్మ అంటే కొంచెం తడే కదా? అవును. గోరువెచ్చన అంటే కొంచెం చల్లన కదా? కాదు. తేడా అక్కడుంది. గోరువెచ్చన ఇటూ అటూ కాని మధ్య చోటు. చెమ్మ తడిలో భాగం, తడి చివరి అంచు. ఈ జంటలో పొడి అనేది ఒక కొస, అక్కడ తడి సున్నా. ఆ సున్నా దాటిన దగ్గర్నుంచి అంతా తడే.

కొస ఉందో లేదో పట్టుకోవడానికి ‘దాదాపు’ అన్న మాట పనికొస్తుంది. “దాదాపు పొడిగా ఉంది” అనవచ్చు. “దాదాపు తడిగా ఉంది” అనం. “దాదాపు శుభ్రంగా ఉంది” సరే, “దాదాపు మురికిగా ఉంది” వినబుద్ధి కాదు. “దాదాపు పొడుగు” అసలే కాదు, ఎందుకంటే పొడుగుకు చివర లేదు. నిండు–ఖాళీకి మాత్రం “దాదాపు నిండింది”, “దాదాపు ఖాళీ అయింది” రెండూ చెల్లుతాయి. అంటే దానికి రెండు వైపులా కొసలున్నాయి, మధ్యలో సగం, ముప్పాతిక లాంటి మెట్లూ ఉన్నాయి. “బస్సు నిండుగా లేదు, అలాగని ఖాళీగానూ లేదు” అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది. క్లాసులో వచ్చిన తప్పుకు మందు అదే వాక్యం.

కాబట్టి తడి–పొడి, శుభ్రం–మురికి పూరకాలే గానీ మెట్లున్న పూరకాలు. నిండు–ఖాళీ తరతమమే గానీ రెండు కొసలూ మూసుకున్న తరతమం. దీన్ని నేర్చుకునేవాళ్ళకు ఇలా చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది పని మీద వచ్చే తేడా. స్విచ్ దగ్గర “తడి చేత్తో ముట్టుకోకండి” అంటే ఏమాత్రం తడి ఉన్నా తడే. టీవీ తెరకు “పొడిగుడ్డతో తుడవండి” అంటే చెమ్మ గుడ్డ కూడా పనికిరాదు. కొసను ఖచ్చితంగా పట్టుకునే చోట్లివి. అదే కాంప్లెక్స్ నుంచి గాజువాక వెళ్ళే బస్సులో నలుగురైదుగురున్నా “బస్సు ఖాళీ” అనేస్తాం. కొసను వదులుగా పట్టుకునే చోటు అది. గ్యాస్ బండ ఖాళీ అంటే మాత్రం ఆ వదులు లేదు, స్టవ్ ఆరిపోయిందనే అర్థం.

గ్యాస్ బండ దగ్గరే ఇంకోటి కనిపిస్తుంది. ఇంట్లో వాడే సిలిండరులో నిండుగా ఉన్నప్పుడు 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. వంటింట్లో అది సగం కావచ్చు, పావు కావచ్చు, ఊపి చూసి అంచనా వేస్తాం. డెలివరీకి వచ్చినవాడి బండి మీద మాత్రం రెండే రకాలు, ఫుల్ బండ, ఖాళీ బండ. అడుగున కొంచెం మిగిలి ఉన్నా అతనికి అది ఖాళీయే. మెట్లున్న జంటను ఒక పని కోసం రెండు పెట్టెలుగా మార్చేస్తే ఇలా అవుతుంది.

తడి చెత్త–పొడి చెత్త సరిగ్గా ఈ రకం. అక్కడ తడి అన్న మాట నీళ్ళ గురించి కాదు. కుళ్ళేది తడి చెత్త, కుళ్ళనిది పొడి చెత్త. ఎండి గట్టిపడ్డ నిమ్మ తొక్క తడి చెత్తలోకే వెళ్తుంది. ఇప్పుడే కడిగిన ప్లాస్టిక్ సీసా నీళ్ళు కారుతున్నా పొడి చెత్తే. ‘కంటే’ పరీక్ష పెట్టి చూడండి: “ఇది దానికంటే తడి చెత్త” అనలేం. అంటే ఇక్కడ జంట పూరకం వైపు వెళ్ళిపోయింది. కానీ పూర్తిగా కాదు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ఇంటి దగ్గర చెత్తను మూడు రకాలుగా విడదీయమన్నాయి, మూడోది పాత మందులు, బ్యాటరీలు, బల్బుల లాంటి ప్రమాదకర చెత్త. బ్యాటరీ తడి చెత్త కాదు, అలాగని పొడి చెత్తా కాదు. పాత షీటు నేర్పిన తడి–పొడిని తీసుకెళ్ళి బుట్టల దగ్గర వాడితే తప్పు రావడం సహజం. కొత్త షీటులో ‘తడిగుడ్డ–పొడిగుడ్డ’ ఒక చోట, ‘తడి చెత్త–పొడి చెత్త’ ఇంకో చోట పెట్టారు.

పచ్చి–పండు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏ రకమో తేల్చకముందే అది ఎన్ని జంటలో తేల్చాలి. మామిడిలో పచ్చికి ఎదురు పండు, మధ్యలో దోర. రొయ్యల్లో పచ్చికి ఎదురు ఎండు. పాలల్లో కాచినవి, కూరగాయల్లో ఉడికినవి. మిరపకాయ దగ్గర మొదటి రెండూ కలుస్తాయి. పచ్చిమిర్చి ముగ్గితే పండుమిర్చి, ఎండితే ఎండుమిర్చి. పచ్చడికి పండుమిర్చి తెమ్మంటే ఎండుమిర్చి తెచ్చినవాళ్ళకు, పచ్చికి ఎదురు ఒక్కటే ఉంటుందని షీటు చెప్పి ఉంటుంది. ఒక మాటకు ఎదురు ఏమిటని అడిగే ముందు ‘ఏ వస్తువు విషయంలో’ అని రాయకపోతే జవాబు కీ తయారు చేయలేం.

ఒక్క సంఘటన, రెండు వైపులు

అమ్ము–కొను, భర్త–భార్య, పైన–కింద జంటల్లో మధ్య మెట్టు ఉందా అని అడగడమే తప్పు ప్రశ్న. వీటికి పరీక్ష మనుషుల స్థానాలు మార్చి చూడటం. “ఆవిడ నాకు వంజరం అమ్మింది” నిజమైతే “నేను ఆవిడ దగ్గర వంజరం కొన్నాను” నిజం, రెండోది నిజమైతే మొదటిదీ నిజం. జరిగింది ఒక్కటే, చెప్పే వైపు మారింది.

తెలుగులో ఈ మార్పు భారమంతా విభక్తి మీద పడుతుంది. ఇచ్చే వైపు క్రియకు అవతలి మనిషి ‘కి’తో వస్తాడు, పుచ్చుకునే వైపు క్రియకు ‘దగ్గర’తో వస్తాడు. ఆయనకి అమ్మాను, ఆయన దగ్గర కొన్నాను. వాళ్ళకి తెలుగు నేర్పాను, వాళ్ళ దగ్గర ఒడియా నేర్చుకున్నాను. ఆయనకి అప్పిచ్చాను, ఆయన దగ్గర అప్పు తీసుకున్నాను. క్రియ మార్చి విభక్తి మార్చకపోతే వాక్యం విరగదు, అదే ప్రమాదం. “చేపలావిడకి కొన్నాను” వ్యాకరణం ప్రకారం తప్పులేని వాక్యమే, అర్థం మాత్రం వేరే. వినేవాళ్ళు సరిదిద్దరు కూడా, ఆవిడకేదో కొనిపెట్టారు కాబోలు అనుకుని ఊరుకుంటారు. అందుకే ఈ తప్పు ఎన్నాళ్ళైనా అలాగే నిలిచిపోతుంది. అమ్ము–కొను అని విడి మాటలు కలిపించిన షీటుకు దీన్ని పట్టుకునే దారే లేదు.

ఇచ్చు–తీసుకొను కూడా ఇలాంటిదే అనిపిస్తుంది గానీ కాదు. ‘గానీ’ పెట్టి చూడండి. “చిల్లర ఇచ్చాను గానీ ఆయన తీసుకోలేదు” అనడంలో తప్పేమీ లేదు. “చేపలు అమ్మాను గానీ ఆవిడ కొనలేదు” కుదరదు, కొనకపోతే అమ్మినట్టే కాదు. అంటే ఇచ్చు–తీసుకొను ఒకదాని వెంట ఒకటి రావాలని మనం ఆశించే జంట, ఒకటి జరిగితే రెండోదీ జరిగినట్టే అయ్యే జంట కాదు. అడుగు–చెప్పు కూడా ఇలాంటిదే, అడిగినంత మాత్రాన చెప్పినట్టు కాదు. ఈ పరీక్ష జరిగిపోయిన కాలంలోనే పెట్టాలి. “పొద్దుట్నించీ అమ్ముతున్నాను గానీ ఎవరూ కొనట్లేదు” అన్న మాట పూర్ణా మార్కెట్‌లో ఎవరి నోటైనా వినవచ్చు. ‘అమ్ముతున్నాను’ అంటే అమ్మకానికి పెట్టానని అర్థం. ఆ వాక్యంతో పరీక్షిస్తే అమ్ము–కొను కూడా తప్పినట్టు కనిపిస్తుంది.

బంధుత్వాల్లో భర్త–భార్య నిఖార్సైన జంట. అన్న–తమ్ముడు కాదు. దీన్ని చూపించడానికి ఒడియా వాళ్ళకు పూరీ జగన్నాథుని గుడి ఉండనే ఉంది. బలరాముడు కృష్ణుడికి అన్న, కృష్ణుడు బలరాముడికి తమ్ముడు. ఇంతవరకు బాగానే ఉంది. బలరాముడు సుభద్రకూ అన్నే, కానీ సుభద్ర అతనికి చెల్లెలు. అంటే ‘అన్న’ను తిప్పితే తమ్ముడో చెల్లెలో వస్తుంది, అవతల ఉన్నది ఎవరో తెలియకుండా చెప్పలేం. పైగా అన్నకు వయసులో ఎదురు తమ్ముడు, మగ–ఆడలో ఎదురు అక్క. రెండు గీతల మీద ఉన్న నాలుగు మాటల్లోంచి ఒక జంటను లాగి షీటులో పెట్టారు. దాన్ని నాలుగు గళ్ళ పట్టికగా మార్చితే సరిపోయింది. అత్త–కోడలు కూడా అంతే, అత్తకు అల్లుడూ ఉంటాడు కదా. వియ్యంకుడు, తోడల్లుడు లాంటివి తిప్పితే అదే మాట వస్తుంది కాబట్టి వాటికి వ్యతిరేకం అడగకూడదు.

పైన–కింద పరీక్షలో నెగ్గుతుంది గానీ ఒక పరిమితితో. “బ్యాంకు మెడికల్ షాపు పైన ఉంది”, “మెడికల్ షాపు బ్యాంకు కింద ఉంది” రెండూ మామూలు మాటలే. “పుస్తకం టేబుల్ మీద ఉంది” నిజమైతే “టేబుల్ పుస్తకం కింద ఉంది” కూడా నిజమే, కానీ అలా ఎవరూ అనరు. కదలని పెద్ద వస్తువును ఆధారంగా పెట్టుకుని కదిలే చిన్నదాని చోటు చెబుతాం. స్థానాలు మార్చే వ్యాయామంలో సమానమైన వస్తువులే ఇవ్వాలి, లేకపోతే వ్యాకరణం ఒప్పుకున్నా నవ్వొచ్చే వాక్యాలు తయారవుతాయి.

ఎక్కు–దిగును కూడా ఈ కుప్పలోనే వేయాలనిపిస్తుంది. వేయకూడదు. అమ్ము–కొనులో సంఘటన ఒక్కటే, మనుషులిద్దరు. ఎక్కు–దిగులో మనిషి ఒక్కడే, సంఘటనలు రెండు. కాంప్లెక్స్‌లో ఎక్కినవాడే గాజువాకలో దిగుతాడు. కట్టు–విప్పు, తీయు–వేయు కూడా ఇలాంటివే, మొదట చేసిన పనిని రెండోది వెనక్కి తిప్పుతుంది.

తీయు–వేయు మీద విడిగా ఒక హెచ్చరిక ఉండాలి. “తలుపు తీయి” అంటే తెరవడం, “తలుపు వేయి” అంటే మూయడం. “లైటు వెయ్యి” అంటే వెలిగించడం, “లైటు తీసెయ్యి” అంటే ఆర్పడం. తలుపు దగ్గర తీయడం దారి ఇస్తే, లైటు దగ్గర తీయడం వెలుతురు పోగొడుతుంది. ఫ్యాను వేస్తాం, కానీ ఎక్కువగా ఆపుతాం. తాళం వేస్తాం, తీస్తాం. జంట నిలకడగానే ఉంది, ఫలితమే వస్తువును బట్టి తిరగబడుతోంది. అందుకని ఈ క్రియలను ఎప్పుడూ వస్తువు పేరుతో కలిపే ఇవ్వాలి.

మిగిలింది పొడవు–వెడల్పు. ఇది వ్యతిరేకమే కాదు. ఒకే టేబుల్‌కు రెండూ ఉంటాయి, ఒకటి పెరిగితే రెండోది తగ్గాలని లేదు. వ్యతిరేకాలు ఒకే గీత మీద ఉండాలి. ఇవి రెండు వేరు గీతలు. ఎప్పుడూ కలిపి పలుకుతాం కాబట్టి జంటలా అనిపించి షీటులోకి దూరింది. ఉప్పు–కారం కూడా రేపో మాపో అలాగే దూరవచ్చు. వెడల్పుకు వాడుకలో ఎదురు ఇరుకు. లోతుకైతే సరైన ఒక్క మాట లేదు, “లోతు తక్కువ” అనో “లోతు లేదు” అనో అంటాం. అలాంటి చోట బలవంతంగా మాట వెతికి కుడి వరస నింపకుండా, వాడే పదబంధాన్నే ఇవ్వడం మంచిది.

మార్చిన షీటు

కొత్త షీటులో గీతలు కలపడం తీసేశారు. వేడి–చల్లన, పొడుగు–పొట్టి, బరువు–తేలిక, దూరం–దగ్గర, ఖరీదు–చవకలకు మెట్ల వరస ఇచ్చి మధ్య మాటలు నింపమన్నారు, వేడి–చల్లన తప్ప మిగతావాటికి ‘ఎంత’తో ప్రశ్న రాయమన్నారు. నిండు–ఖాళీని కూడా అక్కడే, కొసలు రెండూ నల్లగా దిద్ది చూపించారు. బతికిన–చనిపోయిన, పాస్–ఫెయిల్, సరి–బేసిలకు అవును–కాదు ప్రశ్నలు, వాటితోపాటు హద్దు బయటి ఉదాహరణ ఒక్కోటి. తడి–పొడి, శుభ్రం–మురికికి “ఏమాత్రం ఉన్నా చాలా, మొత్తం పోవాలా?” అన్న ప్రశ్న. అమ్ము–కొనుకు ఒక వాక్యం ఇచ్చి, అదే సంగతి అవతలి మనిషి నోట చెప్పమన్నారు. ఇందులో క్రియకు ఒక మార్కు, ‘కి’ని ‘దగ్గర’గా మార్చినందుకు ఒక మార్కు. ఇచ్చు–తీసుకొనుకు ఈ వ్యాయామం వర్తించదు కాబట్టి దాన్ని ‘గానీ’ వాక్యాల్లోకి మార్చారు.

తేలకుండా మిగిలింది శుభ్రం–మురికి ఒక్కటే. “గది అంత శుభ్రంగా లేదు, అలాగని మురికిగానూ లేదు” అన్న వాక్యాన్ని తెలుగువాళ్ళే చాలామంది ఒప్పుకుంటారు. ‘అంత’ తీసేసి అడిగితే ఒప్పుకునేవాళ్ళు తగ్గుతారు. ‘అంత’ పెట్టినప్పుడు పోల్చేది పండగ ముందు దులిపిన ఇంటితోనో, అతిథులు వచ్చే గదితోనో. అప్పుడు శుభ్రం తన కొసను వదిలి మామూలు తరతమ మాట అయిపోతుంది. అందుకని ఆ జంటకు జవాబు కీలో ఒకే జవాబు రాయలేదు, ‘అంత’ ఉన్న వాక్యానికి ఒకటి, లేని వాక్యానికి ఒకటి రాశారు.